గుప్పిట సిస్టరు అడగని ఒక్క ప్రశ్న

ఆడవాళ్ళ ఓపీలో ఆవిడ అసలు పేరు రిజిస్టరుకు తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆవిడ గుప్పిట సిస్టరు. ఇరవై రెండేళ్ళుగా డాక్టరమ్మ గది ముందు, తెర పక్కన, ఒక కాలు పొట్టిదైన స్టూలు మీద కూర్చుని రోగుల దగ్గర వివరాలు రాసుకుంటుంది. ఆస్పత్రి అచ్చువేయించిన కాగితంలో ఈ బాధకు ఒకే ఒక్క గడి ఉంది: "కలయికలో నొప్పి: ఉంది / లేదు." ఆ కాగితం తయారుచేసిన పెద్దమనుషులకు నొప్పి అంటే కరెంటు లాంటిది కాబోలు, ఉంటుంది లేదా పోతుంది.

ఆ గడి ఎందుకూ కొరగాదని సిస్టరుకు మొదటి ఏడాదే తెలిసింది. వచ్చిన ఆడవాళ్ళు "ఉంది" అనడానికే నేల చూపులు చూసేవాళ్ళు. ఎక్కడమ్మా అంటే "అక్కడే" అనేవాళ్ళు. అందుకని ఆవిడ తన ఎడమచేతిని వదులుగా గుప్పిట పట్టి, బొటనవేలి వైపు పైకి తిప్పి వాళ్ళ ముందు పెట్టడం మొదలుపెట్టింది.

"ఇదే నువ్వనుకో. వేలితో చూపించు. గుమ్మంలోనే నొప్పా, లోపలికి వెళ్ళాక అడుగునా?"

నోరు పెగలని వాళ్ళకు కూడా వేలు ఉంటుంది కదా. పాలిచ్చే తల్లి గుప్పిట అంచు ముట్టుకునేది, నెలసరి ఆగిపోయిన పెద్దావిడా అంచే ముట్టుకునేది. ఇద్దరిదీ పొడిబారిపోవడం. దురదా, విరిగిన పాల లాంటి తెల్లబట్టా ఉన్నవాళ్ళదీ అంచే. కాన్పు కుట్టు మచ్చ లాగేవాళ్ళదీ, వద్దనుకున్నా కండరాలు వాటంతటవే బిగుసుకుపోయేవాళ్ళదీ అంచే. కొందరు మాత్రం వేలు మొత్తం దూర్చి అరచేతిని పొడిచేవాళ్ళు. వాళ్ళ కాగితం మీద సిస్టరు ఎర్ర పెన్సిలుతో "లోతు" అని రాసేది. అండాశయంలో నీటిగడ్డ, గర్భసంచిలో కంతులు, ట్యూబుల్లో ఇన్‌ఫెక్షను, లేకపోతే ఎండోమెట్రియోసిస్. రెండుచోట్లా చూపించేవాళ్ళూ ఉండేవాళ్ళు. వాళ్ళకు రెండూ రాసేది.

డాక్టరమ్మ మంచిదే, కాకపోతే మనిషికి మూడు నిమిషాలే ఇవ్వగలిగేంత మంచిది. ఎర్ర పెన్సిలు కనబడకపోతే "రిలాక్స్ అవ్వాలమ్మా" అని చెప్పి పొడిబారకుండా జెల్లీ ట్యూబు రాసేసేది. కనబడితే మాత్రం కళ్ళజోడు సర్దుకుని, చేతికి గ్లవ్సు తొడుక్కునేది. డాక్టరమ్మ చేత గ్లవ్సు తొడిగించేది తానేనని సిస్టరుకు లోలోపల కొండంత గర్వం. టీ తాగేటప్పుడు మిగతా నర్సుల ముందు ఆ సంగతి రోజుకొకసారైనా అనకుండా ఉండేది కాదు.

ఇంత గొప్ప మనిషి ఇంట్లో ఏం చేసిందో ఇక వినండి.

ఆవిడకు ఒక తమ్ముడు. వాడికి నాలుగేళ్ళ కిందట పెళ్ళయింది. మరదలు కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుంది, అద్దం వెంట్రుకవాసి పక్కకు జరిగినా పట్టేస్తుంది. పెళ్ళయిన మూడో నెలలో ఆ పిల్ల వంటగదిలో ఈవిడ కొంగు పట్టుకుని గుసగుసగా అంది.

"వదినా, ఆయనతో ఉన్నప్పుడు నాకు చాలా నొప్పిగా ఉంటోంది."

వందల మంది ముందు గుప్పిట చాపిన చెయ్యి ఆ రోజు గరిటె వదల్లేదు. తమ్ముడి పడకగది సంగతి అక్క ఎలా అడుగుతుంది? సిగ్గుండద్దూ! "కొత్తలో అంతేలేమ్మా" అని, మర్నాడు ఆస్పత్రి స్టోరు నుంచి ఒక జెల్లీ ట్యూబు తెచ్చి మరదలి దిండు కింద పెట్టింది. పేరు పేరునా అందరినీ ఆరా తీసే మనిషి, సొంత ఇంట్లో డాక్టరమ్మ కన్నా తొందరగా వైద్యం చేసేసింది. ఆ తర్వాత అలాంటివి ఇంకో మూడు ట్యూబులు తెచ్చింది.

నాలుగేళ్ళు గడిచేసరికి తమ్ముడు ముఖం మాడ్చుకున్నాడు. "నేనంటే ఇష్టం లేదక్కా దానికి. దగ్గరికి వెళ్తే చాలు, నొప్పి అని నాటకం." ఆదివారం మరదలి పుట్టింటివాళ్ళను పిలిచి తెగతెంపులు మాట్లాడేసుకుందామన్నాడు. ట్యూబులు నాలుగు ఇచ్చాను కదా, ఇంకేం చెయ్యగలను అని సిస్టరు తనకు తాను సర్దిచెప్పుకుంది.

శుక్రవారం ఓపీలో ముప్ఫై ఒకటో నంబరు పిలిచింది. తెర తొలగించుకుని లోపలికి వచ్చింది మరదలు, చేతిలో చీటీతో, మిగతా అందరిలాగే క్యూలో నిలబడి.

"ఇదేంటే? ఇంట్లో చెప్పకుండా ఇక్కడికి వచ్చావేం?"

"ఇంట్లో మీరు అడగరుగా వదినా. ఇక్కడైతే అందరినీ అడుగుతారట. షాపుకొచ్చిన ఒకావిడ చెప్పింది."

సిస్టరుకు అలవాటైన చెయ్యే, పైకి లేవడానికి మొరాయించింది. చివరికి గుప్పిట పెట్టింది.

మరదలు అంచు దగ్గర వేలు ఆపలేదు. నేరుగా లోపలికి దూర్చి అరచేతిలో గట్టిగా పొడిచింది.

"మొదట్లో ఏమీ ఉండదు. అడుక్కి తగిలినప్పుడు ప్రాణం పోతుంది. కొన్ని విధాలుగా పడుకుంటే మరీ ఎక్కువ. మర్నాడంతా పొత్తికడుపు పీకుతూనే ఉంటుంది."

"నెలసరిలో?"

"లేవలేను. ఆ రోజుల్లో దొడ్డికి వెళ్ళాలన్నా ఏడుపొస్తుంది. పోయినేడు స్కాన్ చేయిస్తే ఏమీ లేదన్నారు. దాంతో ఆయనకు ఇంకా కోపం ఎక్కువైంది."

నాలుగు ట్యూబులూ గుమ్మం దగ్గర రాసుకునే మందు. నొప్పేమో ఇంటి అడుగున. సిస్టరు పెన్సిలు విరిగేంత గట్టిగా "లోతు" అని రాసి, కింద రెండు గీతలు గీసింది.

డాక్టరమ్మ గ్లవ్సు తొడుక్కుంది. పరీక్ష అయ్యాక చేతులు కడుక్కుంటూ చెప్పింది.

"గర్భసంచి వెనక్కి తిరిగి అతుక్కుపోయినట్టుంది, కదలట్లేదు. దాన్ని వెనక నుంచి పట్టి ఉంచే తాళ్ళలాంటి వాటి దగ్గర గట్టిగా ముడుల్లా తగులుతున్నాయి, అక్కడ ముట్టుకుంటేనే అదిరిపోతోంది. ఎండోమెట్రియోసిస్ అనే అనుమానం. అంటే గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరగడం. మామూలు స్కాన్‌లో కనబడకపోతే లేదని కాదు. దీనికోసం ప్రత్యేకంగా ఇంకో స్కాన్ చేయిద్దాం. హార్మోను బిళ్ళలు మొదలుపెడదాం. తగ్గకపోతే చిన్న కెమెరా వేసి చూసి, ఉన్నవి తీసేయొచ్చు."

రిలాక్స్ అవ్వమని మాత్రం ఆ రోజు అనలేదు.

ఆదివారం పుట్టింటివాళ్ళు రాకముందే సిస్టరు తమ్ముణ్ణి బల్ల ముందు కూర్చోబెట్టింది. ఈసారి సిగ్గుపడలేదు. గుప్పిట పట్టి, అరచేతి అడుగున రెండో చేతి గోరుతో నొక్కి చూపించింది.

"ఇక్కడ పుండు లాంటిది ఉందిరా దానికి. ప్రతిసారీ నువ్వు తగిలేది ఆ పుండుకే. నాటకం కాదు, జబ్బు."

తమ్ముడు ఆ గుప్పిట వైపు చూశాడు. తర్వాత తల వంచుకున్నాడు. అయినా మగవాడు కదా, ఏదో ఒక తప్పు అవతలివాళ్ళ మీద వెయ్యకపోతే ఎలా?

"మరి నాలుగేళ్ళుగా ఈ మాట చెప్పలేదేం?" అన్నాడు పెళ్ళాంతో.

మరదలు లోపలికి వెళ్ళి ఖాళీ ట్యూబులు నాలుగూ తెచ్చింది. ఒక్కొక్కటే బల్ల మీద వరసగా పెట్టింది, షాపులో అద్దాలు పేర్చినంత నెమ్మదిగా.

"చెప్పాను. నొప్పి అని మొదట్లోనే చెప్పాను. ఎక్కడ అని ఎవరూ అడగలేదు."

ఆ మాట మొగుడితోనే అంది. చూసింది మాత్రం వదిన వైపు.