మైకక్క అనని మాట

మైకక్కకి కోపం వచ్చిందంటే ముందు చెవులు ఎర్రబడతాయి, ఆ తర్వాతే నోరు తెరుస్తుంది. ఈ సంగతి ఫోన్ల షాపులో కింద కౌంటర్ దగ్గరవాళ్లకీ తెలుసు, పై అంతస్తులో రికార్డింగ్ గదిలో కూర్చునే కత్తెరకీ తెలుసు. కత్తెర అంటే ఆడియో ఎడిటర్. మాటకీ మాటకీ మధ్య తీసుకునే ఊపిరిని కూడా కోసి పారేస్తాడని ఆ పేరు పెట్టింది ఆవిడే.

షాపు ప్రకటనలు రాయడం, రాసినవి తానే మైకులో చదవడం ఆవిడ పని. తొమ్మిదేళ్లుగా అదే చేస్తోంది. అంతకు ముందు బస్టాండులో కూర్చుని బస్సుల వేళలు చదివేది. ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో ఒక్కనాడు తప్పు చెప్పలేదు. ముసలివాళ్లు బోర్డు చూడటం మానేసి ఆ గొంతు విని బస్సు ఎక్కేవారు. ఆవిడకి ఆస్తులూ లేవు, అందలాలూ లేవు. ఉన్నదల్లా ఆ గొంతూ, దాన్ని జనం నమ్మడమూను. అలాంటిదాన్ని పట్టుకుని వీళ్లు ఏం చేశారో చూడండి.

రెండు వారాల కిందట ఓనరు పిలిచాడు. గత నెలలో ఫోన్ కొన్నవాళ్లందరికీ వాళ్ల ఫోన్‌కే ఒక ఆడియో సందేశం పంపాలి. ఫోన్ ఎలాగూ కొన్నారు కాబట్టి దాంతోపాటు కవరూ ఛార్జరూ కూడా కొనిపించాలి. ముప్పై సెకన్లు మించకూడదు. ఆవిడ ముందు అడిగింది ఏ మోడల్ ఎవరు కొన్నారన్న జాబితా. ఒక మోడల్ కవరు ఇంకో మోడల్‌కి తగిలిస్తే కెమెరా సగం మూసుకుపోతుంది మరి. డబ్బాలో ఛార్జర్ లేకుండా వైరు ఒక్కటే వచ్చే మోడల్ కొన్నవాళ్ల పేర్లు విడిగా తీయించి, స్టాప్‌వాచ్ ముందు పెట్టుకుని రాసింది.

"కొత్త ఫోన్ ఎలా ఉందండీ? డబ్బాలో వైరే వచ్చింది, ఛార్జర్ రాలేదు కదా. ఇంట్లో ఉన్న పాతది పెడితే కాస్త నెమ్మదిగా ఎక్కుతుంది, అంతే. త్వరగా ఎక్కాలంటే మీ ఫోన్‌కి తగ్గ ముప్పై మూడు వాట్ల ఛార్జర్ మా దగ్గరుంది. చెయ్యి జారినా అంచులు పగలకుండా మీ మోడల్‌కి సరిపోయే కవరూ ఉంది. రెండూ కలిపి తీసుకుంటే తగ్గింపు. వారంలోపు బిల్లు చూపించండి, చాలు."

ఓనరు చదివి పెదవి విరిచాడు.

"పాతది పనిచేస్తుందని మనమే చెప్తే కొత్తది ఎవరు కొంటారు మేడం? పాతది పెడితే వారంటీ పోతుందని రాయండి."

"పోదు కదండీ."

"పోతుందంటే పోయేదేముంది?"

"ఛార్జర్ బాగోలేక దానివల్ల ఫోన్ పాడైతే అది వేరే సంగతి. ఊరికే పాతది పెట్టినంత మాత్రాన వారంటీ పోదు. మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ మాట నేననను."

"కాస్త భయపెడితేనే కదా మేడం జనం కదిలేది."

"అయితే భయపెట్టే గొంతు ఇంకోటి చూసుకోండి."

ఓనరు నవ్వేసి, సరే మీ ఇష్టం అన్నాడు. ఆ నవ్వు చూసైనా ఆవిడకి అనుమానం రావాల్సింది, రాలేదు. బయటి చప్పుడు రాకుండా గోడలకి బొంతలు కట్టిన ఆ చిన్న రికార్డింగ్ గదిలో రాసింది రాసినట్టు చదివి ఇంటికి వెళ్లిపోయింది.

ఆదివారం నాడు జాకెట్టు వదులు చేయించుకుందామని వదిన ఇంటికి వెళ్లింది. వదిన కుట్టుమిషను మీద ఉంది. పక్కన గోడకి కొత్త ఛార్జర్, దానికి వేలాడుతూ ఆకుపచ్చ కవరు తొడిగిన కొత్త ఫోన్, గత నెల మైకక్క షాపులోనే కొన్నది.

"పాత ఛార్జర్ ఉందన్నావు కదా వదినా?"

"పాత సామాన్ల వాడికి ఇచ్చేశా. ఇంట్లో ఉన్న మూడూ ఇచ్చేశా."

"అదేంటి, బంగారంలా పనిచేస్తుంటే?"

"నువ్వే కదమ్మా వారంటీ పోతుందన్నావు. మీ అన్నయ్య వద్దంటే, నీ చెల్లెలు అబద్ధం చెప్తుందా అని నోరు మూయించా."

మైకక్క ఫోన్ తీసుకుని ఆ సందేశం విన్నది. తన గొంతే. కొత్త ఫోన్ ఎలా ఉందండీ అని తనే ముద్దుగా అడుగుతోంది. ఆ తర్వాత, "ఇంట్లో ఉన్న పాతది పెడితే వారంటీ పోతుంది." మూడుసార్లు విన్నది. వారంటీ పోతుంది అన్న ఆ రెండు మాటలూ ఎక్కడివో మూడోసారికి తెలిసింది. మొన్న వానాకాలం చదివింది, ఫోన్ నీళ్లలో పడితే వారంటీ పోతుంది అని. దాని తోక కోసి దీనికి అతికించారు. ఎక్కడా అతుకు తెలియడం లేదు. కత్తెర పనితనం అలాంటిది, వాడి చేతులు పడిపోను.

"ఇది నేను అనలేదు వదినా. నా మాటలు కోసి అతికించారు."

వదిన మిషను ఆపింది. "అలా కూడా చేస్తారా?" అని ఫోన్‌ని కాస్త దూరంగా జరిపింది.

సోమవారం పొద్దున్నే మైకక్క మెట్లెక్కింది. చెవులు రెండూ మిరపపళ్లు. కత్తెర కంప్యూటర్ తెరమీంచి తల ఎత్తలేదు.

"ఓనరు చెయ్యమన్నాడక్కా. నీ పాత రికార్డింగులన్నీ దాచే ఉంచుతాం కదా, ధర మారినప్పుడల్లా నిన్ను పిలవకుండా అతికిస్తాం."

"ధర మార్చుకోరా, నేనెప్పుడైనా అడ్డుపడ్డానా? నా నోట్లో అబద్ధం పెట్టమని నీకెవరు చెప్పారు? ముఖం ఎత్తి చెప్పు."

అంతలో ఓనరు వచ్చాడు, వచ్చి ఒకే మాట అన్నాడు. "మేడం, అందులో మీరు అనని మాట ఒక్కటి చూపించండి."

ఒళ్లు మండిపోయింది ఆవిడకి. మండదా మరి? విడివిడిగా అన్నీ తను అన్నవే. కలిపింది వీళ్లు. ఇంత తెలివి ఛార్జర్లు అమ్ముకోవడానికా?

"ఆ సందేశం వెళ్లిన ప్రతి నెంబరుకీ ఇప్పుడు నేను చెప్పేది వెళ్లాలి. లేదంటే కింద కౌంటర్ మైకు పట్టుకుని వచ్చినవాళ్లందరికీ చెప్తాను. నన్ను ఆపడానికి ఎంతమందిని పెట్టుకుంటారో పెట్టుకోండి."

కింద అప్పటికే జనం నిండి ఉన్నారు. ఓనరు మెట్లవైపు చూసి మెత్తబడ్డాడు. సాంకేతిక లోపం అని ఒక కాగితం మీద రాసిచ్చాడు. ఆవిడ ఆ కాగితం చింపి, బొంతల గదిలోకి వెళ్లి కాగితం లేకుండానే చదివింది.

"మొన్న నా గొంతుతో మీకు వచ్చిన మాట అబద్ధం. పాత ఛార్జర్ పెట్టినంత మాత్రాన మీ వారంటీ పోదు. ఆ మాట నమ్మి ఛార్జర్ కొన్నవాళ్లు తెచ్చి ఇచ్చేయండి, మీ డబ్బు మీకు ఇస్తారు."

కత్తెర పంపేదాకా వాడి వెనకే నిలబడింది. తెరమీద అంకెలు తిరిగి, మూడు వేల నాలుగు వందల మందికి చేరినట్టు చూపించాయి. అప్పుడు గాని ఆవిడ కుర్చీలో కూలబడి మంచినీళ్లు అడగలేదు.

నీళ్లు తాగుతుండగానే ఫోన్ మోగింది. వదిన.

"అమ్మాయ్, ఇప్పుడే ఇంకో సందేశం వచ్చింది. ఛార్జర్ తిరిగి ఇచ్చేయమంటున్నావు. ఇది నువ్వు చెప్పిందేనా, ఇది కూడా అతికించిందా?"

"నేనే చెప్పాను వదినా. ఇప్పుడే చెప్పాను."



"ఏమో తల్లీ, ఇదీ ఫోన్లోనే కదా అంటున్నావు. నువ్వొకసారి ఇంటికొచ్చి చెప్పు, అప్పుడు ఇస్తాను."

మైకక్క గ్లాసు కింద పెట్టి, చేతిసంచి తగిలించుకుని మెట్లు దిగింది. వదిన ఇల్లు రెండు వీధుల అవతలే, వెళ్లి ఎదురుగా కూర్చుని చెప్పొస్తుంది. మిగిలిన మూడు వేల పైచిలుకు మంది ఇళ్లూ ఆవిడకి తెలియవు.