పేజీ నంబరు లేని వాక్యం

మా పక్కింటి వెంకటశేషమ్మ అయిదో తరగతితో చదువు మానేసిన మనిషి. విడవలూరు నుంచి మా అల్లూరుకు కాపురానికి వచ్చింది. ఆమెకున్న ఒకే ఒక్క పిచ్చి పుస్తకాలు. పెళ్ళయిన ఆడది గ్రంథాలయం మెట్లెక్కితే ఊరు ఏమనుకుంటుందోనని అత్తగారు వద్దన్నది. అందుకని ఆ పుస్తకాలు నేనే తెచ్చిపెట్టేదాన్ని. నన్ను ఊరు ఏమనుకున్నా ఎవరికీ పట్టలేదు మరి.

ఒకసారి ఆమె కష్టమైన మాటల జాబితా ఒకటి రాసి, వాటికి అర్థాలు కనుక్కురమ్మని నాతో పంపింది. గ్రంథాలయం సంజీవరావుగారు దాన్ని చూసి తల అడ్డంగా ఊపారు.

“ఇట్లా విడిమాటలు బట్టీపడితే రేపటికి ఉండవమ్మా. మాట ఏ వాక్యంలో వచ్చిందో ఆ వాక్యమంతా రాసుకోమను. మాట కింద గీత, పక్కన పుస్తకం పేరు, పేజీ నంబరు. ముందు తనే అర్థం ఊహించాల, తర్వాతే నిఘంటువు. వారం పోయినాక పుస్తకం మూసేసి, అదే మాటతో తన సొంత వాక్యం ఒకటి రాయాల. తన బతుకులోదైతే ఇంకా మంచిది, మరిచిపోదు.”

వెంకటశేషమ్మ అక్షరం పొల్లుపోకుండా అట్లాగే చేసింది. రెండేళ్ళలో నోటుబుక్కు ముప్పాతిక నిండింది. 1961లో, నాట్లయిపోయిన రోజుల్లో, అది ఆమె మొగుడు హజరత్తయ్య కంట పడింది.

హజరత్తయ్య చెడ్డవాడు కాదు. పొద్దస్తమానం పొలంలో ఉంటాడు, మాట తక్కువ. మూడో తరగతి చదువుతో కూడబలుక్కుని చదవగలడు. ఆ రోజు గూట్లో చుట్టల కట్ట వెతుక్కుంటుంటే నోటుబుక్కు చేతికొచ్చింది. తెరిచిన పేజీలో భార్య గుండ్రటి రాతలో ఉంది: “ఈ ఇంట్లో నా బతుకు దుర్భరమైపోయింది. ఒకనాడు ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోతాను.” పైగా ‘దుర్భరం’ కింద గీత. పక్కనున్న పేరూ నంబరూ ఎందుకో ఆయనకు తెలియదు.

కేకలేస్తే బాగుండేది. “మూట గట్టుకో. మీ నాయన దగ్గర దించేసి వస్తాను. చెప్పకుండా పొయ్యేదానికంటే చెప్పి పొయ్యేదే మేలు,” అన్నాడంతే. అత్తగారు అరుగు మీద కూలబడి శోకాలు మొదలుపెట్టింది. అప్పుడు వెంకటశేషమ్మ దడి దగ్గరకొచ్చి నన్ను పిలిచింది. మొహంలో నెత్తురు లేదు.

“అక్కా, నీ కాళ్ళు మొక్కుతా. పోయిన వారం తిరిగిచ్చిన నవల తెచ్చిపెట్టు. పుట్టింటికి పోతే నేను మళ్ళీ తలెత్తుకోలేను.”

పరిగెత్తాను. నవల ఎవరూ తీసుకుపోలేదు, నా అదృష్టం. నేను వాళ్ళింట్లో అడుగుపెట్టేసరికి మూట గుమ్మం దగ్గర ఉంది. వెంకటశేషమ్మ నోటుబుక్కులో పేజీ నంబరు చూపించి, నవల ఆయన చేతిలో పెట్టింది.

“నలభై రెండో పేజీ. నువ్వే తీసి చూడయ్యా. అది ఆ కథలో ఆయమ్మ మాట, నాది కాదు.”

హజరత్తయ్య వేలు పెట్టి చదివాడు. అచ్చు వాక్యం, రాసిన వాక్యం, మళ్ళీ అచ్చు వాక్యం. తర్వాత ఇంకొకటి తీశాడు, ఇంకొకటి. ప్రతిదీ సరిపోయింది. ఆయన భుజాలు దిగాయి. నేనూ ఊపిరి పీల్చుకున్నాను, తొందరపడి.

ఎందుకంటే ఆయన వేలు ఒకచోట ఆగింది.

“దీనికి నంబరు లేదేందే?”

నేను తొంగిచూశాను. “ఆయన నేను వడ్డించిన అన్నం నిర్లిప్తంగా తిని లేచిపోతాడు. కూరలో ఉప్పు లేకపోయినా చెప్పడు.”

రాయడం మరిచిపోయానని అనొచ్చు కదా! నేను కళ్ళతో సైగ కూడా చేశాను. ఆమె నా వైపు చూడనే లేదు.

“అది నాది,” అన్నది.

“నిర్లిప్తంగా అంటే?”

“ఏదీ అంటనట్టు. ఎదురుగా మనిషి ఉన్నా లేనట్టు.”

హజరత్తయ్య నోటుబుక్కు మూసి గూట్లో పెట్టాడు. నవల నాకిచ్చాడు. కండువా దులుపుకుని పొలానికి వెళ్ళిపోయాడు. మూట గుమ్మం దగ్గరే ఉంది. దాన్ని విప్పాలో వద్దో వెంకటశేషమ్మకు తెలియలేదు, నాకూ తెలియలేదు. ఆ పగలంతా నాకు ఆమె మీద కోపమే. అంత నిజం ఎవరడిగారు?

పొద్దుగూకే వేళకు ఆయన తిరిగొచ్చాడు. దడి ఇవతల నాకు గిన్నె చప్పుళ్ళు వినబడుతున్నాయి, సందులోంచి అంతా కనబడుతూనే ఉంది. రెండు ముద్దలు తిన్నాడు. ఆగాడు.

“ఏమే, పులుసులో ఉప్పు తగ్గిందే.”

వెంకటశేషమ్మ గబగబా ఉప్పు తెచ్చి, పక్కనే కూర్చుని ఏడ్చేసింది.

ఆ పులుసు మధ్యాహ్నమే నాకూ ఒక గిన్నెడు పంపింది. ఉప్పు సరిగ్గానే ఉంది.