రికార్డులోకి ఎక్కని ‘కాద్సార్’

పాఠం చెప్పేటప్పుడు నాకొక చెడ్డ అలవాటు ఉండేది. అప్పట్లో దాన్ని గొప్ప అలవాటనుకున్నాను. కావాలని తప్పు చెప్పి ఆగుతాను. క్లాసంతా ఒక్క గొంతుతో ‘కాద్సార్!’ అని అరుస్తుంది. నేను నవ్వి ముందుకు పోతాను. గద్వాల జూనియర్ కాలేజీలో నా బోటనీ క్లాసు నడిచిందే ఆ అరుపుల మీద.

ఆ ఏడు వానాకాలంలో గట్టు మండలం వైపు నుంచి వచ్చే ఒకమ్మాయి రావడం మానేసింది. రెండో సంవత్సరం బైపీసీ. పత్తి విత్తన చేలల్లో క్రాసింగ్, అంటే ఒక్కో పువ్వుకూ చేత్తో పుప్పొడి అంటించే పని, మొదలైతే మా ఊళ్ల ఆడపిల్లలు మూడు నెలలు బడి ముఖం చూడరు. ఫోన్ చేస్తే తండ్రే ఎత్తాడు. “పాసైతే నర్సింగుకు తోలుత సార్. తప్పితే చేన్లకే. రెండోమాట లేదు” అన్నాడు.

పిల్ల చదువు పోగూడదని పాఠాలు రికార్డు చేద్దామనుకున్నాను. పక్కనున్న లెక్కల సారు “కందకు లేని దురద కత్తిపీటకెందుకు?” అని ఎగతాళి చేశాడు. నేను వినలేదు. ఫోన్ జేబులో పెట్టుకుని పాఠం చెప్పేవాణ్ని. ఆ రికార్డును ఒక యాప్‌లో వేస్తే నా మాటలన్నీ అక్షరాలుగా మారేవి. వాటిలోంచి నోట్సు, ముఖ్య పదాలు, రివిజన్ ప్రశ్నలు, జవాబులు అడిగితే రెండు నిమిషాల్లో అన్నీ వరుసగా వచ్చేవి. నేను ముఖ్య పదాలు మాత్రం చూశాను. విపుంసీకరణ అంటే ఆడ మొక్కగా ఎంచుకున్న దాని పువ్వులోంచి పరాగకోశాలు తీసేయడం. సరిగ్గానే ఉంది. మిగతాది చూడకుండా ప్రింటు తీసి పంపాను. బద్ధకమే, ఇంకే పేరూ పెట్టను.

ఆమె దీపావళి తర్వాత కాలేజీకి వచ్చింది. నేను నిలబెట్టి పదాలు అడిగితే గడగడా చెప్పింది. ప్రశ్నలు కూడా చూసుకున్నావా అంటే “అన్నీ కరెక్టే వస్తున్నయి సార్” అంది. మురిసిపోయాను. సిలబస్ పరుగులో ఆ పాఠం మళ్లీ తీయలేదు.

ఎండాకాలం ఫలితాలు వచ్చాయి. అన్నీ పాసై ఒక్క బోటనీ తప్పింది, కొద్ది మార్కుల తేడాతో. సప్లిమెంటరీ ఫీజు కట్టడానికి రాకపోయేసరికి నేనే వాళ్ల ఊరికి పోయాను.

తండ్రి మంచం వాల్చి నీళ్లిచ్చాడు. ఆమె ప్లాస్టిక్ కవర్లోంచి నా నోట్సు తీసింది. ప్రతి ప్రశ్న పక్కనా టిక్కు. నేను అప్పుడు మొదటిసారి చదివాను.

‘మొగ్గ పూర్తిగా విచ్చుకున్న తర్వాత పరాగకోశాలు తీసివేయాలి. పరాగసంపర్కం అయ్యేదాకా పువ్వుకు సంచి తొడగనవసరం లేదు.’

నా గొంతే. నేను ఆడిన ఆటే. జేబులోని ఫోన్‌కు నా మాట దగ్గర, పిల్లల అరుపు దూరం. ‘కాద్సార్’ ఒక్కటీ ఎక్కలేదు. తప్పు నోట్సయింది, ఆ నోట్సే ప్రశ్నయింది, ఆ ప్రశ్నకు జవాబూ అదే అయింది. ఆమె ఎన్నిసార్లు సరిచూసుకున్నా అన్నీ కరెక్టే వచ్చాయి.

“ఇట్లనే రాసినవా?”

“గట్లనే రాసిన సార్. పెద్ద ప్రశ్న అదే వచ్చింది.”

“చేన్ల మీరెట్ల చేస్తరు?”

“రేపు విచ్చుకునే మొగ్గను ఇయ్యాల పొద్దుగూకక ముందే గిల్లుతం సార్. ఎర్ర కాయితం చుడతం. తెల్లారి మగపువ్వు తెచ్చి రుద్దుతం. విచ్చుకున్నంక గిల్లితే ఏం ఫాయిద? అప్పటికే దాని పొడి దానికే అంటుకుంటది.”

మా క్లాసులో ఎవరూ ఇంత బాగా చెప్పలేదు. నేనూ చెప్పలేదు. నోట్సులో ఆ వాక్యం పక్కన ఏదో చెరిపిన మరక ఉంటే వేలు పెట్టి అడిగాను.

“డౌటొచ్చి గుర్తు పెట్టుకున్న సార్. మల్ల చెరిపేసిన. మా చేన్ల పని వేరే, సదువు వేరేమో అనుకున్న. మీరు చెప్పిందే గద.”

తప్పంతా నాదేనని తండ్రికి చెప్పాను. ఫీజు నేను కడతానన్నాను, చేతులు పట్టుకున్నాను. ఆయన కోప్పడలేదు, అదే నన్ను చంపింది. “సారే తప్పు చెప్తడా? మీరు పిల్లను ఎనకేసుకొస్తుండ్రు. దానికి సదువు రాదు సార్, అంతే” అన్నాడు.

తండ్రి మాట తప్పని చెప్పమన్నట్టు ఆమె వైపు చూశాను. ఆమె నోట్సు జాగ్రత్తగా మడిచి మళ్లీ కవర్లో పెట్టుకుంది.