జమేదారుకు మరో మాట

యుద్ధం ముగిసిన మరుసటి ఏడు నేను ఫౌజు నుంచి విడుదలై వచ్చి అమీర్‌పేటలో అక్క ఇంట్లో దిగాను. బావకు పంజాగుట్టలో చిన్న దర్జీ దుకాణం ఉండేది. మా వాళ్లంతా మగ్గాల మీద బతికినవాళ్లు. బావ ఒక్కడే మగ్గం వదిలి మిషను పట్టాడు. అప్పటి అమీర్‌పేట అంటే తోటలు, బండరాళ్లు, సీతాఫలం పొదలు, వాటి మధ్య అక్కడక్కడ పెంకుటిళ్లు. పొద్దున పూట ఎర్రమంజిల్ గుట్ట మీది గోడలు మంచులో తేలుతున్నట్టు కనిపించేవి. నాలుగేళ్లు అస్సాం అడవుల్లో, ఆ వానల్లో గడిపి వచ్చినవాడిని కదా, ఇక్కడి ఎండా ఈ నిశ్శబ్దమూ చాలా రోజులు నిజమనిపించలేదు. దుకాణంలో బల్ల మీద కూర్చుంటే మిషను చప్పుడుకు కళ్లు మూతలు పడేవి. కాసేపటికి ఆ చప్పుడే గుడారం మీద పడే వాన అయిపోయేది. ఎవరైనా గుండీల కోసం వచ్చి పిలిస్తే గాని మళ్లీ పంజాగుట్టకు వచ్చేవాడిని కాదు.

ఊరికే మాత్రం కూర్చోలేదు. విడుదలైన సిపాయిలకు కొలువులు చూపించే దఫ్తరు ఒకటి సికింద్రాబాదులో ఉండేది. వారానికి రెండుసార్లు అక్కడికి వెళ్లేవాడిని. ఫౌజులో నేను మోటారు మరమ్మతు వర్క్‌షాపులో హవల్దార్ క్లర్కుని. మొదటి దరఖాస్తులో ఆ మాటే రాశాను. ఒక మిల్లు మేనేజరు అది చదివి, "హవల్దారంటే పోలీసా? మాకు కావల్సింది కాయితాలు రాసేటోడు గదా" అని తిరిగి ఇచ్చేశాడు.

ఇంటికొచ్చి ఆలోచించాను. మళ్లీ రాశాను. హవల్దారు అన్న మాట తీసేసి, ఆరుగురు గుమాస్తాల పని చూశానని, విడి సామాన్ల రిజిస్టరు, ఉత్తరాల ఫైళ్లు నా చేతిలో ఉండేవని, ఇంగ్లీషు టైపు వచ్చని రాశాను. అదే మేనేజరు. ఈసారి కుర్చీ చూపించాడు. రెండు నెలల్లో ఒక చోటు ఖాళీ అవుతుంది, అప్పుడు రమ్మన్నాడు.

ఈ సంగతి దఫ్తరు వరండాలో ఎట్లా పాకిందో, ఒక్కొక్కరే పంజాగుట్ట దుకాణం వెతుక్కుంటూ రావడం మొదలైంది. ఒక నాయక్‌ది విచిత్రమైన గోడు. అది హోదా అని తెలియక ఇంటిపేరనుకుని, వెళ్లిన చోటల్లా ఆ పేరుతోనే పిలుస్తున్నారట. సాపర్ ఒకతను తన పనేమిటో ఎవరికీ అర్థం కావడం లేదన్నాడు. రాళ్లు పేల్చి బాట వేయడం, వాగు మీద వంతెన కట్టడం వచ్చని అతనికి రాసిచ్చాను. నేను నేర్చుకున్న పద్ధతి చిన్నదే. హోదా ఉన్న చోట కింద ఎంతమంది పనిచేసేవారో రాయాలి. పల్టన్ పేరు ఉన్న చోట అది ఏం పని చేసే పల్టనో రాయాలి. ఫౌజు వాళ్లకే తెలిసిన పొట్టి అక్షరాలు విప్పి రాయాలి. రాని పని వచ్చని మాత్రం రాయకూడదు.

ఒక మధ్యాహ్నం ఆయన వచ్చాడు. నలభై దాటిన మనిషి. ఉతికి ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కా, భుజాల మీద నక్షత్రాలు విప్పిన చోట రంగు వెలవని గుర్తు. నాకు తెలియకుండానే లేచి నిలబడ్డాను. భుజానికి ఒక్కో నక్షత్రం అంటే జమేదారు. వైస్రాయి కమిషన్ ఉన్న అధికారి. సిపాయిలూ హవల్దార్లూ ఆయనకు సలాం చేయాలి, సాబ్ అని పిలవాలి.

"కూసో తమ్మీ, గిది ఫౌజు కాదు" అన్నాడాయన.

ఆయనది మెదక్ వైపు, మిషన్ బడిలో చదువుకున్న క్రైస్తవ కుటుంబం. యూసుఫ్‌గూడలో ఒక గది అద్దెకు తీసుకుని భార్యతో ఉంటున్నాడు. యుద్ధమంతా అడవిలో గుడారాల ఆసుపత్రిలో, వైద్య పల్టనులో చేశాడు. ఊళ్లో ఒక పెద్ద ఆసుపత్రికి దరఖాస్తు పెడితే వెంటనే పని దొరికిందన్నాడు.

"మంచిదే కదా సాబ్" అన్నాను.

"జమేదార్ అని రాసిన. ఊడ్చేటోళ్ల మీద జమేదార్‌ను చేసిన్రు."

బావ మిషను ఆపాడు. ఊళ్లో ఆ మాటకు అర్థం అదే. సఫాయి వాళ్లకు పెద్ద, ప్యూన్లకు పెద్ద. దరఖాస్తు చదివిన గుమాస్తా తప్పేమీ చేయలేదు, తనకు తెలిసిన అర్థం తీసుకున్నాడంతే.

"మీరు చెప్పలేదా?"

"ఏం చెప్పాలె? పని పనే. ఫౌజుల నేను సుత బకెట్లు మోసిన, నాకు నామోషీ లేదు. మూడు దినాలు చేసిన." ఆయన ఆగి, తన చేతులు చూసుకున్నాడు. "మూడో దినం ఒక ముసలాయన మంచం మీద రక్తం కక్కుతున్నడు. పక్కకు ఒరగబెట్టాలె, లేకుంటే ఊపిరి ఆడదు. నేను లోపలికి పోవట్టిన. దర్వాజ కాడ ఉన్నోడు చెయ్యి అడ్డం పెట్టి, నీ పని బయట, లోపలికి రావద్దన్నడు. డాక్టర్‌ను పిలువుమని చెప్పి బయటనే నిలవడ్డ. ముసలాయన బతికిండు. కాని నేను మల్ల పోలే."

ఆ మధ్యాహ్నం నుంచి మూడు రోజులు ఆయన వచ్చి బల్ల మీద కూర్చునేవాడు. నేను అడిగేవాడిని, ఆయన మెల్లగా చెప్పేవాడు. చెట్ల కింద వరసగా గుడారాలు, అరవై మంచాలు, వాటి మీద తెల్లటి దోమతెరలు. గాలి వీస్తే తెరలన్నీ ఒకేసారి ఊపిరి తీసుకున్నట్టు పైకి లేచేవట. ఆయన చెప్తుంటే నేను కలం పట్టుకుని అక్కడికే వెళ్లిపోయేవాడిని. తడి మట్టి వాసన వచ్చేది. తీరా చూస్తే బావ ఇస్త్రీ చేసే ముందు గుడ్డ మీద నీళ్లు చల్లుతుండేవాడు.

కాగితం మీద మాత్రం కల పనికిరాదు. అరవై మంచాల వార్డుల పర్యవేక్షణ. ఇరవై నలుగురు నర్సింగ్ సిపాయిలకు పని పంచడం, కట్లు కట్టడం నేర్పడం. పనిముట్లను మరిగించి శుద్ధి చేయడం. విషపు మందుల అల్మారా తాళం, ఆ రిజిస్టరు. రక్తం ఎక్కించేటప్పుడు డాక్టరుకు సాయం. ఇదంతా ఇంగ్లీషులో రాసి, తెలుగులో ఆయనకు చదివి వినిపించాను.

"నర్సు అని రాయాలా సాబ్?" అని నేనే అడిగాను.

"ఒద్దు. నర్సు పరీక్ష నేను పాస్ కాలే. ఫౌజు కాయితంల ఏమున్నదో గంతే రాయి."

"ఇంకేమైనా పని ఉందా, నేను రాయనిది?"

రోడ్డు మీద ఒక ఎడ్లబండి పోయింది. దాని దుమ్ము సర్దుకున్నాక అన్నాడాయన, "పానం పొయ్యేటోళ్ల పక్కన కూసుండేటోన్ని. పిలగాండ్లు, తల్లిని యాది చేసుకునేటోళ్లు. వాళ్ల భాష నాకు రాకపోయేది. గది ఎట్ల రాస్తవు?"

నేను చాలా మాటలు వెతికాను. చివరికి, ఆఖరి దశలో ఉన్న రోగుల పరిచర్య, అని రాశాను. చదివి వినిపిస్తే తలూపాడు, సరేనన్నట్టా కాదన్నట్టా నాకు తెలియలేదు.

అసలు తగాదా హోదా దగ్గర వచ్చింది. కాగితంలో జమేదారు అన్న మాట ఎక్కడా లేదని ఆయన గమనించాడు.

"గా మాట తీసేసినవ్."

"ఆ మాటే కదా సాబ్ మిమ్మల్ని దర్వాజ బయట నిలబెట్టింది."

"తమ్మీ, సిపాయి నుంచి మొదలువెట్టి పదారేండ్లకు వచ్చిందది. మా నాయిన ఇంకొకల పొలంల కూలి చేసిండు. ఆ మాట వచ్చిన దినం ఊళ్లె పటేలు నాకు కుర్చీ ఏసిండు. అది తీసేస్తే గా పని చేసింది ఎవడు? నేనేనా?"

బావ పళ్ల మధ్య దారం పట్టుకునే అన్నాడు, "తీసెయ్యకు బామ్మర్దీ, చోటు మార్చు. పైన పెట్టకు, కింద పెట్టు."

బావ గుడ్డ కత్తిరించే మనిషి, ఎక్కడ జేబు పెడితే చొక్కా తిన్నగా కూర్చుంటుందో తెలుసు. పని అంతా చెప్పాక అడుగున ఒక వరుస చేర్చాను. విడుదల నాటికి హోదా జమేదారు, అనగా వైస్రాయి కమిషన్ పొందిన అధికారి, నర్సింగ్ సిబ్బందికి పై అధికారి. జమేదార్ సాబ్ ఆ వరుసను వేలితో తడిమి చూసి, ఒక నకలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. పల్టన్ డాక్టరు ఇచ్చిన ఉత్తరం నకలు దరఖాస్తుకు జత చేసి పంపాం.

పదిహేను రోజుల్లో పిలుపు వచ్చింది. అదే ఆసుపత్రి. ఆయన నన్ను తోడు రమ్మన్నాడు. ఎత్తయిన కప్పు ఉన్న గదిలో ఒక పెద్ద డాక్టరు కూర్చుని ఉన్నాడు. కాగితం రెండుసార్లు చదివి, "ఇరవై నలుగురికి కట్లు కట్టడం నేర్పినవా? ఏదీ, తలకు కట్టు కట్టి చూపించు" అన్నాడు. తల ఎవరిదని వెతికితే గదిలో ఉన్నది నేనే.

స్టూలు మీద కూర్చున్నాను. జమేదార్ సాబ్ చేతులు కడుక్కుని వచ్చి, ఎడమ అరచెయ్యి నా నుదుటి మీద పెట్టాడు. ఒక్క క్షణం అట్లాగే ఉంచాడు, నేను అక్కడ ఉన్నానని తెలుసుకుంటున్నట్టు. తర్వాత గుడ్డ తల చుట్టూ తిరగసాగింది. బిగుతూ కాదు, వదులూ కాదు. నాకు ఏ గాయమూ లేదు. అయినా కళ్లు మూసుకున్నాను. నాలుగేళ్లుగా ఒంట్లో ఎక్కడో గట్టిగా పట్టుకుని ఉన్నదేదో సడలింది. ప్రాణం పోయే ఆ పిలగాండ్లు, మాట అర్థం కాకున్నా, ఆ చేతిలో ఏం విన్నారో అప్పుడు తెలిసింది. నేను రాసిన పరిచర్య అన్న మాట ఎంత చిన్నదో కూడా తెలిసింది.

"చాలు" అన్నాడు డాక్టరు. ఆయన గొంతు ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టు వినిపించింది.

జమేదార్ సాబ్‌ను గాయాలకు కట్లు కట్టే డ్రెస్సరుగా తీసుకున్నారు. పరీక్ష పాస్ కాలేదు గనక అంతకు మించి ఇవ్వలేమని డాక్టరు సూటిగానే చెప్పాడు. పైన అజమాయిషీ ఇరవై రెండేళ్ల సిస్టరుది. జమేదార్ సాబ్ ఆ అమ్మాయిని మొదటి రోజు నుంచే మేడమ్ అన్నాడు. ఆ ఏడు చలికాలంలో నాకు మిల్లులో పని వచ్చింది, దుకాణానికి వెళ్లడం తగ్గింది.

ఒక ఆదివారం జమేదార్ సాబ్ భార్య చర్చి నుంచి వస్తూ రవికె గుడ్డ ఇవ్వడానికి దుకాణం దగ్గర ఆగింది. నేను అక్కడే ఉన్నాను. సంచిలోంచి మడతలు పడిన కాగితం తీసింది. అది నేను రాసిన దరఖాస్తు నకలు.

"ఇంగ్లీషు నాకు రాదు. అడిగితే ఆయన చెప్తలేడు. జర చదువుతవా అన్నా?"

వరసగా తెలుగులో చెప్పుకుంటూ పోయాను. మంచాలు, సిపాయిలు, మందుల అల్మారా. ఆఖరి దశ రోగుల దగ్గరికి వచ్చేసరికి నేను రాసిన మాట వదిలేసి, ఆయన చెప్పిన మాటనే చెప్పాను. ఆమె గుమ్మం పక్కన నిలబడి, రోడ్డు అవతలి బండరాళ్ల మీది ఎండను చూస్తూ వింది.

"పదారేండ్లు ఉత్తరాలు రాసిండు" అంది. "అన్నిట్ల బాగున్న అనే రాసిండు."

కాగితం తిరిగి తీసుకుని, రవికెకు చేతులు కొంచెం పొడుగు పెట్టమని బావకు చెప్పి, యూసుఫ్‌గూడ బాట పట్టింది.