ఒక్క వాక్యపు రాజీనామా

ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు మేనేజిమెంటు హైస్కూలుకు నేను హెడ్మాస్టరుగా ఉన్న రోజుల్లో, పాఠ్యపుస్తకాల మీద విద్యాశాఖకు విడవకుండా ఫిర్యాదులు రాసేవాణ్ణి. వేరుశనగను చెట్టుకు కాయించేవాళ్లు మా పిల్లలకు పాఠాలు రాయడమేమిటని నా బాధ. ఈ పాఠాలను ఎవరు, ఎక్కడ కూర్చుని నిర్ణయిస్తారో చూడాలని నాకు ఎప్పటినుంచో కుతూహలం. హైదరాబాదులో సిలబసు తయారుచేసే ఆఫీసరు ఉద్యోగం పడగానే దరఖాస్తు పెట్టాను. అది మా స్కూలు కరస్పాండెంటు ద్వారానే పోవాలి. పత్తి వ్యాపారి ఆయన. నేను పోతానంటే అంత సంతోషమేమో, చదవకుండానే సంతకం చేశాడు.

ఆర్డరు వచ్చింది. ఆ నెలలోనే చేరాలి. మూడు నెలల నోటీసు మాఫీ చేయమని అడుగుతూ రాజీనామా రాశాను. పనిలో పనిగా వార్షికోత్సవంలో నా కుర్చీని రెండో వరసలో వేసి, జమ్మలమడుగు నుంచి వచ్చిన కరస్పాండెంటు అల్లుణ్ణి మొదటి వరసలో కూర్చోబెట్టిన సంగతీ, సైన్సు బీరువా అడిగితే మైకుసెట్టు కొన్న సంగతీ, ఇంకా కొన్నీ వివరంగా రాశాను.

వారం గడిచినా జవాబు లేదు. నన్ను ఎప్పుడు వదిలించుకుందామా అనుకునే మనిషి కాగితాన్ని ఎందుకు తొక్కిపట్టాడో అర్థం కాలేదు. ఆయన పత్తి దుకాణానికే పోయాను.

"ఏందప్పా, నా రాజీనామా యాడ పెట్టినారు?"

"ఈడే ఉండాది సారూ. స్కూలు కమిటీలో పెడితే నువ్వు ఈ యేడు పోలేవు."

"ఎందుకని?"

"పోతాననింది ఒక్క ముక్క. మిగతాదంతా ఫిర్యాదే. ఫిర్యాదొస్తే విచారణ చేయల్ల, కుర్చీ యాడేసినారో సాక్షులను పిలవల్ల. అది తేలేదాకా నిన్నెట్ల వదిలేది? పైగా మాఫీ చేయమంటివి. తిట్టినోనికి మాఫీ ఎవురు చేస్తారప్పా?"

"అయితే కుర్చీ సంగతి అబద్ధమా?"

"అబద్ధమని ఎవురన్న్యారు? ముందు వరస కుర్చీ ఒకటి కాలిరిగింది."

"నాకు చెప్పలేదే!"

"చెప్తే దాని మీద గూడా రాసేటోనివి. ఈ కాగితం ఎనక్కి తీసుకో. ఒక్క వాక్యం రాసియ్యి, శానా మేలు."

ఆయన సిరాబుడ్డి నా ముందుకు జరిపాడు. కలం తీసుకున్నాను. కుర్చీ సంగతిని వదులుకోవడం కష్టంగా ఉంది. కానీ హైదరాబాదులో ఆ ఖాళీ నా కోసం ఆగదు. నోటీసు మాఫీ చేసి నన్ను వదలమని ఒక్క వాక్యం రాసిచ్చాను.

ఆదివారం కమిటీ కూర్చుని ఆమోదించింది. ఆఫీసు బీరువా తాళాలూ, రిజిస్టర్లూ సీనియర్ అసిస్టెంటుకు అప్పగించాక, విడుదల ఉత్తర్వుతోపాటు కమిటీ తీర్మానం నకలు కూడా చేతికిచ్చారు. అందులో, హెడ్మాస్టరు గారికీ యాజమాన్యానికీ నడుమ ఎన్నడూ ఏ పొరపొచ్చమూ లేదని కమిటీ సంతోషంతో నమోదు చేస్తున్నట్టు రాసి ఉంది.

దిద్దమంటే మళ్లీ కమిటీ కూర్చోవాలి. నోరు మూసుకుని ఎర్రగుంట్లలో రైలెక్కాను. కొత్త ఆఫీసులో చేరిన మర్నాడే, తీర్మానంలోని ఆ వాక్యం తప్పనీ, కుర్చీతో సహా అన్నీ జరిగాయనీ కమిటీకి రాశాను. జవాబు ఇంతవరకూ రాలేదు.