సున్నపు గోడకు వయసు వేయడం

నాకు ముక్కు మీద కోపం. అందులోనూ నా బొమ్మకు ఎవరైనా వంక పెడితే అసలు ఊరుకోను. గుడివాడలో మా ఇంటి ముందు గదిలో కంప్యూటర్ పెట్టుకుని, కట్టబోయే ఇళ్ళు కట్టాక ఎలా ఉంటాయో ముందే బొమ్మ చేసి చూపించడం నా పని. త్రీడీ వ్యూ అంటారు. అలాంటి నేను బందరులో ఒక తాపీ మేస్త్రి గారి ముందు నోరు మూసుకుని నిలబడి పాఠం నేర్చుకున్నాను. ఆయన్ని తలుచుకున్నప్పుడల్లా మనసులో దండం పెట్టుకుంటాను.

అది పాత చర్చి. ఇటుక గోడలకు గుల్ల సున్నం పూత. గుమ్మం చుట్టూ చెక్కిన రాయి, దాని మీద ద్రాక్షతీగ, గుత్తులు, ఆకులు. పూత పెచ్చులు పెచ్చులుగా రాలిపోతుంటే సంఘంలో రెండు పక్షాలయ్యాయి. మొత్తం చెక్కేసి సిమెంట్ పూసి ముందు వైపు టైల్స్ వేద్దామని కొందరు, మళ్ళీ సున్నమే పూద్దామని కొందరు. సున్నం పూస్తే ఎలా ఉంటుందో బొమ్మ చూపించమన్నారు. విజయవాడ నుంచి వచ్చిన ఆర్కిటెక్ట్ మేడం ఆ పని నాకిచ్చారు. పనికి మేస్త్రిని కూడా ఆవిడే దివిసీమ నుంచి పిలిపించారు.

మేస్త్రి గారు వాళ్ళ నాన్న దగ్గర సున్నం పని నేర్చుకున్నారట. కానీ ఇరవై ఏళ్ళుగా సున్నం కావాలన్నవాళ్ళే లేరు. అపార్ట్‌మెంట్లకు సిమెంట్ పూస్తూ బతికారు. "ఈ గోడ పోతే నాకింకో సున్నం గోడ దొరకదమ్మా" అని మొదటిరోజే చెప్పారు. ఆయన ఆశంతా నా బొమ్మ మీదే ఉందని నాకు తెలుసు. తెలిసీ తొందరగా కానిచ్చేశాను.

ఫొటోలు తీసుకుని ఇంటికొచ్చి నాలుగు రోజుల్లో ముగించాను. సున్నానికి మీగడ రంగు వేశాను. గోడ మరీ కొత్తగా కనిపించకుండా పాతదనం తేవడానికి మా సాఫ్ట్‌వేర్‌లో ఒక సదుపాయం ఉంది. ఒక్క నొక్కు నొక్కితే అంచులన్నీ ఒకేలా అరిగిపోతాయి, గోడంతా ఒకే రకంగా మరకలు పడతాయి. నొక్కాను. గుమ్మం రాతికి ఎడమవైపు, నడుము ఎత్తున, తీగ అరిగి నున్నగా అయిపోయి ఉంది. కుడివైపు తీగ బాగానే ఉంది కాబట్టి దాన్నే తిప్పి ఎడమవైపు అతికించాను. బాగుచేయడమంటే అదే కదా అనుకున్నాను. నా బొమ్మను చూసి నేనే మురిసిపోయాను.

ఆదివారం ఆరాధన అయ్యాక తెర మీద చూపించాం. ముందు వరసలో కూర్చున్న పెద్దావిడ కళ్ళజోడు సర్దుకుని, "బాగానే ఉందమ్మా. కానీ ఇది మన గుడి కాదు" అన్నారు.

సిమెంట్ పక్షానికి నాయకుడైన సంఘపెద్ద వెంటనే అందుకున్నారు. "ఇంత ఖర్చుపెట్టి మరకలు కొనుక్కోవడం ఏంటండీ? సిమెంట్ చేసేద్దాం, శుభ్రంగా ఉంటది." పాస్టరు గారు ఏమీ తేల్చకుండా రెండు వారాలు వాయిదా వేశారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. బయటికొచ్చి మేస్త్రి గారితో, "వీళ్ళకి బొమ్మ చూడ్డం రాదండీ" అన్నాను. నిజానికి నాకంటే ఆయనకే ఎక్కువ నష్టం. అయినా ఆయన కోప్పడలేదు. "రామ్మా, ఒకసారి గోడ చుట్టూ తిరిగొద్దాం" అన్నారు.

తూర్పు గోడ దగ్గర ఆగి పైకి చూపించారు. గోడ పైఅంచున ముందుకొచ్చిన పట్టీ కింద గోడ నల్లగా ఉంది. దానికి దిగువన, వాన కొట్టే చోట, తెల్లగా ఉంది. నా బొమ్మలో రెండుచోట్లా ఒకే మరక. "తడిసేచోట గోడ కడుక్కుంటదమ్మా. తడవనిచోటే దుమ్ము నిలబడిపోద్ది." కిటికీల దగ్గర చూపించారు. మరక కిటికీ గట్టు మధ్యన లేదు, గట్టు మీది దుమ్ముతో నీళ్ళు జారే రెండు కొసల కిందే ఉంది. నాలుగు దిక్కులకూ ఒకే వయసు వేసేసిన నాకు చెవులు వేడెక్కాయి.

వెనకవైపు గోడకు ఎప్పుడో ఎవరో మోకాలి ఎత్తు వరకు సిమెంట్ పూశారు. సరిగ్గా దాని పైనున్న సున్నం పిండిలా రాలుతోంది. "నేల్లో చెమ్మని సిమెంట్ బయటికి రానియ్యదు. అది పైకెక్కి, ఆరేచోట ఉప్పు వదుల్తది. ఆ ఉప్పే సున్నాన్ని తినేస్తది" అన్నారు. వేలితో తీసి నాలిక మీద పెట్టుకున్నాను. ఉప్పే.

చివరికి గుమ్మం దగ్గరికొచ్చాం. లోపలికి రమ్మన్నారు. నేను చెప్పులు విప్పడానికి ఒంటికాలి మీద నిలబడి, పడిపోకుండా పక్కనున్న రాయి పట్టుకున్నాను.

"నీ చెయ్యెక్కడుందో చూసుకో" అన్నారాయన.

నున్నటి చోట ఉంది. ఎడమవైపు ఆడవాళ్ళు కూర్చునే వైపు. ఒక చంకన బిడ్డ, ఒక చెయ్యి రాతి మీద, కాలి నుంచి జారుతున్న చెప్పు. ఎన్ని తరాల ఆడవాళ్ళు అలా నిలబడ్డారో. వాళ్ళందరినీ నేను ఒక్క అతుకుతో తుడిచేశాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. అంతకంటే ఎక్కువగా, ఆ మాట నలుగురిలో అనకుండా నన్ను ఒక్కదాన్నే తీసుకొచ్చి చూపించినందుకు ఆయన మీద గొప్ప గౌరవం కలిగింది.

ఆ రెండు వారాలూ ఒక్క మరక కూడా నొక్కుతో వేయలేదు. ఎక్కడ వాన కొడుతుంది, ఎక్కడ నీళ్ళు జారతాయి అని ఆయనకు ఫోన్ చేసి అడిగి అడిగి, చేత్తో వేశాను. కొత్త పూతను అద్దంలా నున్నగా కాక, తాపీ జాడ కాస్త తెలిసేలా ఉంచాను. వెనక గోడకున్న సిమెంట్ పూతను బొమ్మలో తీసేశాను. అరిగిన తీగను అరిగినట్టే వదిలేశాను.

రెండోసారి చూపించినప్పుడు సంఘపెద్ద లేచి తెర దగ్గరికి వెళ్ళారు. ఆయన నీడ సగం బొమ్మ మీద పడింది. ఆ నున్నటి చోట వేలు పెట్టి చాలాసేపు నిలబడ్డారు. "మా అమ్మ ఇక్కడే పట్టుకునేది" అన్నారు. తర్వాత మేస్త్రి గారి వైపు తిరిగి, "రాతికి రంగులూ, యాసిడ్లూ ఏం వెయ్యరు కదా?" అని అడిగారు.

"వెయ్యమండి. మెత్తటి బ్రష్షు, మంచినీళ్ళు. అంతే."

"సున్నం ఎన్నాళ్ళు నానాలి?"

"కనీసం నెలండి. నానేకొద్దీ మంచిది."

"అయితే ఈ వారమే నానెయ్యండి."

మేస్త్రి గారు బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. ఎండ లేదు, చెమటా లేదు. నేను పక్కన కూర్చున్నాను. "ఆ బొమ్మ కాయితం మీద ఒకటి ఇస్తావామ్మా? మా ఆవిడకి చూపించాలి. పాతగోడ బాగు చేసేటప్పుడు, పని బాగా కుదిరితే అసలు చేసినట్టే తెలవదు. నేనేం చేస్తానో తనెప్పుడూ చూడలేదు" అన్నారు.

సంఘం వాళ్ళ కోసం తెచ్చిన పెద్ద ప్రింటు నా సంచిలోనే ఉంది. తీశాను. కింద మూలన నా పేరుంది. దాని పైన, పెన్నుతో, ఆయన పేరు రాసి ఇచ్చాను.

ఆయన కూడబలుక్కుని చదువుకున్నారు. "అదేంటమ్మా, నేనింకా తాపీ ముట్టుకోనేలేదు కదా!"

ప్రింటు మడతపడకుండా చుట్టి, రబ్బరు బ్యాండు వేసి, ఆయన చేతికిచ్చాను.