గుణించి చూడని మాత్రికలు

ఉద్యోగం కోసం కోరుట్లలో ఒక డిగ్రీ కాలేజీకి డెమో క్లాసు ఇవ్వడానికి వెళ్లాను. సిరిసిల్లలో నేను గెస్ట్ లెక్చరర్‌గా చేస్తున్న కాలేజీలో నా పోస్టు తీసేస్తున్నారు. ఇక్కడ ఉన్నది ఒక్క పోస్టు, బయట బెంచీ మీద ఏడుగురం. నేను అసలే పిరికిదాన్ని. పరీక్ష అంటే ముందు రోజే జ్వరం తెచ్చుకునే రకం.

చిట్టీ తీయమన్నారు. విలోమం ఉన్న మాత్రికను ఎలిమెంటరీ మాత్రికల లబ్ధంగా రాయడం అని వచ్చింది. ఆరేళ్లుగా చెబుతున్న పాఠమే. కాస్త ఊపిరి పీల్చుకున్నాను.

మొదటి అడ్డు వరుసలో 1, 2. రెండో దాంట్లో 3, 7 రాశాను. రెండో వరుసలోంచి మొదటిదానికి మూడు రెట్లు తీసేస్తే 0, 1 అయింది. తర్వాత మొదటి వరుసలోంచి రెండోదానికి రెండు రెట్లు తీసేస్తే యూనిట్ మాత్రిక మిగిలింది. ఒక్కో పనినీ యూనిట్ మాత్రిక మీద చేస్తే వచ్చేదే ఎలిమెంటరీ మాత్రిక అనీ, దానితో ఎడమవైపు నుంచి గుణిస్తే ఆ పని చేసినట్టే అనీ చెప్పాను. చివర చేసిన పనిని ముందు విప్పాలి కదా అంటూ, రెండో పనిని విప్పే విలోమాన్ని ఎడమన, మొదటి పనిని విప్పే విలోమాన్ని దాని కుడిపక్కన రాసి, ఇదే జవాబు అన్నాను.

పరీక్షించడానికి జగిత్యాల నుంచి వచ్చిన పెద్దసారు కళ్లద్దాలు సర్దుకున్నాడు.

"గుణించి చూపియ్యమ్మా."

ఇన్నేళ్లలో ఆ పని ఒక్కసారీ చేయలేదు. మా సార్లు అలాగే రాయించారు, నేనూ అలాగే రాయించాను. ఇప్పుడు గుణించాను. మొదట రాసిన మాత్రికే తిరిగి రావాలి. మొదటి మూలలోనే 1కి బదులు 7 వచ్చింది. పోస్టు పోయినట్టే అనుకున్నాను.

"బుగులు పడకు బిడ్డా. ముందుగాల విప్పేది యాడ ఉండాలె?"

"కుడిపక్కన సార్," అన్నాను. "కుడి చివర ఉన్నదే ముందు పని చేస్తది."

రెండింటినీ తారుమారు చేసి గుణించాను. 1, 2, 3, 7 వచ్చాయి. ఆయన తల ఊపాడు. నాకు మాత్రం అసలు భయం అప్పుడే మొదలైంది.

మొన్నటి ఇంటర్నల్ పరీక్షలో బోయినపల్లి అమ్మాయి ఒకతి సరిగ్గా ఇప్పుడు నేను దిద్దుకున్నట్టే రాసింది. నేను ఎర్రపెన్నుతో అడ్డంగా కొట్టేశాను. "గుణిస్తే గదే అస్తది మేడం, ఒక్కసారి సూడుండ్రి" అంటూ నోట్‌బుక్ పట్టుకుని స్టాఫ్‌రూమ్‌కి వచ్చింది. నేను చూడలేదు. క్లాసులో చెప్పింది రాయమని, అందరి ముందూ కసిరి పంపాను. ఆ సబ్జెక్టులో ఆమె తప్పింది.

బస్టాండుకు వచ్చి, క్లాసు గ్రూపులో ఆమె నంబరు వెతికి ఫోన్ చేశాను. క్షమించమని ఎలా మొదలుపెట్టాలో తెలియక, లెక్కల మేడాన్ని అని మాత్రం అన్నాను.

"మేడం," అంది ఆమె సన్నటి గొంతుతో, "మల్లేం తప్పు చేసిన?"